ముందు క్రియను పట్టు

నాకు కోపం ఎక్కువ. దాచుకునేదేం లేదు. ఆదోనిలో పోటీ పరీక్షలకు చదివే పిల్లల్ని అడిగి చూడండి, ఇంగ్లీషు మేడం అనరు, కసిరే మేడం అంటారు. పత్తిగింజల అంగడి మీది మిద్దెలో పొడుగాటి గది ఒకటి, బెంచీలు, తిరిగీ తిరగని ఫ్యాను. మధ్యాహ్నం ఎమ్మిగనూరులో బస్సెక్కి వచ్చి, సాయంత్రం దాకా పాఠం చెప్పి, మళ్లీ బస్సులోనే ఇంటికి పోతాను. ఏళ్లుగా నా బతుకు ఆ రెండు ఊళ్ల మధ్య రోడ్డు మీదే గడిచింది.

నేను చెప్పే ఇంగ్లీషులో పద్యాలుండవు, కథలుండవు. తప్పులు పట్టడం చెబుతాను. గుమాస్తా ఉద్యోగం పరీక్షకైనా బ్యాంకు పరీక్షకైనా ఒక వాక్యాన్ని ముక్కలు చేసి ఇస్తారు. ఏ ముక్కలో తప్పుందో చెప్పాలి. ఎక్కడా లేకపోతే ఆఖరి గడిలో ‘తప్పు లేదు’ అని గుర్తు పెట్టాలి. ఇంకో రకం ఉంది, అందులో వాక్యంలో కొంత భాగానికి కింద గీత గీసి, దాని బదులు ఏది పెడితే మెరుగో అడుగుతారు. ఉన్నదే సరిగా ఉందనుకుంటే ‘మార్పు అక్కర్లేదు’ అనాలి. తప్పుగా గుర్తు పెడితే వచ్చిన మార్కుల్లో కోత కూడా ఉంటుంది. చెప్పడానికి ఇంతే, చేయడానికి కూర్చుంటే తల ప్రాణం తోకకు వస్తుంది.

మా పిల్లల జబ్బేమిటంటే, వాక్యాన్ని నోట్లో రెండుసార్లు తిప్పుకుని, ‘బాగానే ఉంది మేడం’ అంటారు. ఎవరి చెవికి బాగుంది? మా ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, ఆదోని సంతలో సగం కన్నడం. ఈ మూడింటి మధ్య పెరిగిన చెవి మనది. ‘డిస్కస్ అబౌట్’ అంటే మన చెవికి ఇంపుగా ఉంటుంది, ఎందుకంటే మనం ఏది మాట్లాడినా దేని గురించో మాట్లాడతాం. ఇంగ్లీషువాడి ‘డిస్కస్’లోనే ఆ ‘గురించి’ ఉంది, మళ్లీ తగిలించకూడదు. ‘ఐ యామ్ హావింగ్ టూ బ్రదర్స్’ అనేది మన ఊళ్లో అందరూ అనే మాటే, పరీక్షలో మాత్రం తప్పు. చెవిని నమ్మొద్దు, అడగాల్సిన ప్రశ్నలు వరసగా అడగండి అని అరిచి అరిచి నా గొంతు పోయింది.

ఆ వరస నాదే, ఎక్కడా అచ్చువేసింది కాదు. ముందు క్రియను పట్టు. పట్టినాక దాని కర్తను వెతుకు. మధ్యలో వచ్చే ‘ఆఫ్’లూ ‘ఎలాంగ్ విత్’లూ కొట్టేసి చూడు, అవి జనాన్ని పక్కదారి పట్టించడానికి నిలబెట్టిన బొమ్మలు. బుట్ట నిండా మామిడిపళ్లు ఉన్నా క్రియ బుట్టకే లొంగుతుంది, పళ్లకు కాదు. తర్వాత కాలం. నిన్న అనో, పోయిన ఏడాది అనో, ‘సిన్స్’ అనో కాలం చెప్పే మాట ఉంటుంది. దానికీ క్రియకూ పొత్తు కుదిరిందా చూడు. ఆ తర్వాత సర్వనామం ఎవరిని చూపిస్తోంది. తర్వాత ఎ, యాన్, ది. ‘ఫర్నిచర్’కూ ‘ఇన్ఫర్మేషన్’కూ బహువచనం తగిలించారా. తర్వాత ‘ఇన్’, ‘టు’, ‘విత్’ లాంటి చిన్న మాటలు. తర్వాత జంటలు, ‘నో సూనర్’ వస్తే ‘దాన్’ వచ్చిందా, ‘ఆల్‌దో’ వచ్చినాక ‘బట్’ దూరిందా. పోలికలో ‘మోర్ బెటర్’ లాంటి అతి ఉందా. చివరగా ‘రిటర్న్ బ్యాక్’ లాంటి చెప్పిందే చెప్పడం. ఇవన్నీ అడిగినాక కూడా ఏమీ దొరకకపోతే అప్పుడు, అప్పుడే, ‘తప్పు లేదు’ అని గుర్తు పెట్టు.

పిల్లలు దానికి ‘చెక్‌పోస్టు’ అని పేరు పెట్టారు. కర్ణాటక సరిహద్దులో బస్సును ఆపి, సీట్ల కిందా సంచుల్లోనూ మందు సీసాల కోసం వెతుకుతారు గదా, అట్లా అని. నాకు కోపం వచ్చింది గానీ, పేరు బాగానే కుదిరింది.

ఇక ఆ అమ్మాయి సంగతి. దేవనకొండ మండలంలో ఒక మెట్ట పల్లె. మా గదిలో పేర్లు ఎవరికీ గుర్తుండవు, ఊరితోనే పిలుస్తాం, కాబట్టి ఆమె దేవనకొండ పాప. పాప అంటే చిన్నపిల్ల అనుకునేరు, గదిలో అందరికన్నా పెద్దది. ఆ ఉద్యోగానికి పెట్టిన వయసు హద్దు ఆమెకు ఆ ఏడాదితో అయిపోతుంది. అంతకు ముందు రాసినప్పుడల్లా ఇంగ్లీషులోనే పోయింది. తెలుగు మీడియంలో డిగ్రీ దాకా చదివి, ఊళ్లో అంగన్‌వాడీ ఆయాకు సాయంగా కొన్నాళ్లు పనిచేసి, ఇదే ఆఖరుసారి అని వచ్చి చేరింది.

వాళ్లమ్మా నాన్నా కూలికి పోయేవాళ్లు. మా పక్క వానలు పడక పనుల్లేకపోతే ఊళ్లకు ఊళ్లే తాళాలు వేసుకుని గుంటూరు పక్క మిరపకాయలు కోయడానికి పోతాయి. దాన్నే సుగ్గికి పోవడం అంటారు. ఆ ఏడాది వాళ్లిద్దరూ సుగ్గికి పోయినారు. ఈమె కూడా ప్రతి ఏడూ పోయేదట. ఈసారి వాళ్లమ్మ వద్దంది. నువ్వు కోసే కాయలు కూడా నేనే కోస్తా, నువ్వు చదువుకో అందట. ఎమ్మిగనూరులో పెద్దమ్మ ఇంట్లో ఉంచి పోయింది. అందుకని ఆమెకూ నాకూ ఒకటే బస్సు.

మొదట్లో ఆమె అంటే నాకు విసుగు. ఏ వాక్యం ఇచ్చినా తప్పు లేదు అనేది. ఏం తల్లీ, ఇంగ్లీషువాడు నీ చుట్టమా, తప్పు చేయడా అని ఒకరోజు అందరి ముందూ కసిరేశాను. ఇంకొకరైతే ముఖం మాడ్చుకునేవాళ్లు. ఆమె నవ్వి, చిన్నప్పటి నుంచీ మమ్మల్నే తప్పు పట్టినారు మేడం, మేము ఒకర్ని పట్టింది యాడుంది అనింది. గదంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ రోజు నుంచి బస్సులో నా పక్క సీటు ఆమెదే.

బస్సులో కూడా వదిలేదాన్ని కాదు. ఏ మాట వినబడినా క్రియ ఏది, కర్త ఎవరు, కాలం ఏది అని అడిగేదాన్ని. ఇంగ్లీషు వాక్యాలు అయిపోతే తెలుగు వాక్యాలు పట్టుకునేది ఆమె. మంత్రాలయం పోయే యాత్రికులు, నందవరం దిగే కూలీలు, కండక్టరు, ఎవరి మాటనూ వదల్లేదు. మన మాటలో క్రియ ఆఖర్నే ఉంటాది మేడం, జనమేమో ఆఖరు దాకా ఇనరు, అందుకే ఇన్ని తగువులు అనేది. ఆమె అన్నదాంట్లో నిజముంది. మేం మొదటి మాట వినగానే జవాబు చెప్పే జాతి.

నెమ్మదిగా ఆమెకు చెయ్యి తిరిగింది. వాక్యం చూడగానే పెన్నుతో క్రియ కింద గీత, కర్తకు సున్నా, మధ్యలోది కొట్టివేత. గీత గీసి మెరుగు అడిగే రకంలో కూడా ముందు ఉన్న వాక్యాన్నే చెక్‌పోస్టులో ఆపేది. తప్పు దొరికితే, అదే తప్పు మిగిలిన జవాబులు ముందు కొట్టేసేది. మిగిలిన వాటిలో అర్థం మార్చేది ఏదో, కొత్త తప్పు తెచ్చేది ఏదో చూసి తీసేసేది. పొట్టిగా ఉంది గదా అని దేన్నీ నమ్మేది కాదు. మాదిరి పరీక్షల్లో ఆమె మార్కులు చూసి మిగతావాళ్లు ఆమె పక్కన కూర్చోవడానికి పోటీ పడ్డారు. ఈసారి వస్తుంది అని నాకు గట్టి నమ్మకం కుదిరింది. ఎవరి మీదా అంత తొందరగా నమ్మకం పెట్టుకునేదాన్ని కాదు నేను.

సాయంత్రం క్లాసు అయినాక, బస్సుకు ముందు, మెట్ల మీద నిలబడి వాళ్లమ్మకు ఫోన్ చేసేది. అవతలి ఫోన్ వాళ్ల నాయనది. ఆ తల్లి గొంతు మెట్ల మీది నుంచి మాకు గదిలోకి వినపడేది, అంత గట్టిగా మాట్లాడేది. తిన్నావా, తలకు నూనె పెట్టుకున్నావా, మీ మేడం ఈ పొద్దు తిట్టిందా. ఆఖరు ప్రశ్న వినపడినప్పుడు నేను గట్టిగా దగ్గేదాన్ని.

పరీక్ష కర్నూలులో, పొద్దుటి పూట. దానికి ముందు రోజు మాదిరి పేపర్లు తిరగేసుకోవాలని పాప ముందు బస్సుకే వచ్చేసింది. మధ్యాహ్నం నేను ఒక్కదాన్నే ఆదోనిలో బస్సు దిగుతుండగా నా ఫోన్ మోగింది. వాళ్ల నాయన. ఆయన ఎప్పుడూ నాకు చేసింది లేదు. పాప దగ్గర నంబరు తీసుకుని పెట్టుకున్నాడట, అవసరానికి. ముందు వ్యాను చప్పుడు మాత్రం వినపడింది. తర్వాత చెప్పాడు. కొన్నాళ్లుగా పాప వాళ్లమ్మకు జ్వరం. మాత్రలు మింగి కాయలు కోసింది. పడిపోతే ఆసుపత్రికి తీసుకుపోయినారు. ఆసుపత్రిలో ఉండి కూడా పాపకు చెప్పొద్దు, పరీక్ష చెడుతుంది అని ఒట్టు పెట్టించుకుందట. ఆ పొద్దున ఆమె ప్రాణం పోయింది. ఇప్పుడు ఆమెను తీసుకుని ఊరికి వస్తున్నారు.

"రేపు పరీచ్చ అయ్యేదాంకా పాపకు సెప్పొద్దమ్మా. అయినాక మీరే పిల్చుకరాండి. మట్టి చేసేది అంతవరకూ ఆపుతాం. ఆమె మాట గూడా అదే."

ఆ పెద్దమ్మకు కూడా కబురు చేశాడట, ఆమె పాపకు ఫోన్లో ఏదో పని ఉందని చెప్పి అప్పటికే ఊరికి బయలుదేరిందట. రాత్రికి పాపను మా ఇంట్లో ఉంచుకోమన్నాడు. సరేనన్నాను. ఇంకేమనాలి? బస్టాండులో నిలబడి ఏడ్చాను, అది ఎవరైనా చూశారో లేదో నాకు తెలియదు. ఆయన మీద కోపం వచ్చింది, చచ్చిపోయిన ఆ తల్లి మీదా వచ్చింది, పరీక్ష పెట్టినవాళ్ల మీదా వచ్చింది. ఇంత బరువు నా నెత్తిన ఎందుకు పెట్టావయ్యా అనిపించింది. తర్వాత ముఖం కడుక్కుని మెట్లెక్కాను.

ఆ రోజు క్లాసు ఎట్లా చెప్పానో నాకే తెలియదు. ఎవరినీ కసరలేదు. కసరనందుకే పిల్లలు నా ముఖం వంక చూస్తూ కూర్చున్నారు. ఆమె మాత్రం ఉత్సాహంగా ఉంది. హాల్ టికెట్టు, ఆధార్ కార్డు ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుని రెండుసార్లు తీసి చూపించింది. పెద్దమ్మ ఊరికి పోయిందంట మేడం, ఈ రాత్రి మీ ఇంట్లోనే పడుకోమనింది అని తనే చెప్పింది. ఆ ఒక్క అబద్ధం నేను చెప్పే పని తప్పిందని ఊపిరి పీల్చుకున్నాను.

క్లాసు అయిపోయింది. పిల్లలంతా ఆమెకు చేతులు కలిపి దిగిపోయినారు. ఆమె ఎప్పటిలాగే మెట్ల మీదికి పోయి ఫోన్ చేసింది. నేను బోర్డు తుడవకుండా, కుర్చీలో నుంచి లేవకుండా కూర్చున్నాను. ఈరోజు ఆ పెద్ద గొంతు వినపడలేదు. ఈమె గొంతు మాత్రమే వినపడింది. అమ్మకు ఇయ్యి నాయనా అంది. తర్వాత, పండుకుండాదా, ఇంత పొద్దుండంగానే పండుకునిందా అంది. తర్వాత చాలాసేపు వింది. సరే నాయనా అని పెట్టేసింది.

లోపలికి వచ్చి సంచి సర్దుకుంటుందనుకున్నాను. సర్దుకోలేదు. సుద్దముక్క తీసుకుని బోర్డు మీద, నేను రాసిన ఇంగ్లీషు వాక్యాల కింద, తెలుగులో ఒక వాక్యం రాసింది. పరీక్షలో ఇచ్చినట్టే ముక్కల మధ్య గీతలు పెట్టింది.

మీ యమ్మకు / నీ పరీచ్చ మీదనే / పానమంతా ఉండె / తప్పు లేదు.

"మా నాయన ఇప్పుడే అన్నాడు మేడం. చెక్‌పోస్టులో పెట్టి చూడండి."

మా పక్క మాట తెలియనివాళ్లకు చెప్పాలి. ‘పానం’ అంటే ప్రాణం. ‘ఉండాది’ అంటే ఉంది, ఇప్పుడు ఉంది. ‘ఉండె’ అంటే ఉండింది, అయిపోయింది. ఆ తండ్రి పాపం, అమ్మ పండుకుండాది అని అబద్ధాన్ని మాత్రం కష్టపడి వర్తమానంలోనే చెప్పాడు. ఆ వెంటనే బిడ్డకు ధైర్యం చెప్పబోయి, కడుపులో ఉన్న మాట చెప్పినప్పుడు, క్రియ తనంతట తాను జారిపోయింది. లోకంలో ఎవరూ ఆ జారుడును పట్టేవాళ్లు కాదు. ముందు క్రియను పట్టమని నేను నేర్పిన పిల్ల పట్టింది.

నేను తప్పించుకోవాలని చూశాను. వ్యాన్లో ఉన్నాడేమో, తొందరలో ఏదో అని ఉంటాడు పాపా అన్నాను. వ్యాను మాట నా నోట ఎందుకు వచ్చిందో! ఆమె నా వైపు ఒకసారి చూసి, మళ్లీ బోర్డు వైపు తిరిగింది. క్రియ కింద గీత గీసింది. ‘పానమంతా’ చుట్టూ సున్నా చుట్టింది. రోజూ చేసినట్టే చేసింది.

"పరీచ్చ రేపుండాది మేడం. ఇంకా అయిపోలేదు. అట్లయితే ఉండాది అనాల. మా నాయన ఎప్పుడూ సరిగ్గానే అంటాడు. ఇందులో ఏ ముక్కలో తప్పుందో మీరే సెప్పండి."

నేను లేచి ఆమె దగ్గరికి పోయాను. ఒక్క రాత్రి దాచితే చాలు, తెల్లారితే పరీక్ష, ఆ తల్లి మాట నిలుస్తుంది. మూడో ముక్కలో తప్పుంది పాపా, ఉండాది అనబోయి ఉండె అన్నాడు అంటే సరిపోయేది. ఆమె నా మాట నమ్మేది, తప్పుల విషయంలో నేనేం చెప్పినా నమ్మేది. అట్లా నమ్మే మనిషికి తప్పు జవాబు చెప్పడం నా వల్ల కాలేదు.

"తప్పు లేదు పాపా" అన్నాను.

ఆమె ఆ ఆఖరి ముక్కను ఇంకోసారి చదివింది. తర్వాత డస్టరు తీసుకుని ఆ వాక్యాన్ని మాత్రం తుడిచింది, నా ఇంగ్లీషు వాక్యాలు తుడవలేదు. బెంచీ మీద కూర్చుని, ఎప్పుడు అని అడిగింది. చెప్పాను. ఏమైంది అని అడిగింది. నాకు తెలిసినంత చెప్పాను, ఒట్టు పెట్టించుకున్న సంగతితో సహా. అప్పుడు ఏడ్చింది. కింద అంగడివాళ్లు ఏమైందో అని పైకి వచ్చి, చూసి, నీళ్లు పెట్టి పోయినారు. నేను ఆమెను పట్టుకుని కూర్చున్నాను. నా కోపమంతా ఎటు పోయిందో, వెతికినా దొరకలేదు.

ఊరికి పోదాం పద, పరీక్ష పోతే పోనీ అన్నాను. నిజంగానే అన్నాను. ఉద్యోగం లేకపోతే మనిషి బతకడా, నేను చూడనా, ఇక్కడే చిన్నపిల్లలకు పాఠాలు చెప్పుకోవచ్చు అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది. ఈడ మానుకుంటే ఆమె కోసిన కాయలన్నీ ఎందుకు మేడం అంది. వాళ్ల నాయనకు ఫోన్ చేసింది. నాకు తెల్సింది నాయనా, రాసే వస్తా, అమ్మను ఎండలో పెట్టొద్దు అని మాత్రం చెప్పింది. అవతల ఆయన ఏడుపు నాకూ వినపడింది.

ఆ రాత్రి మా ఇంట్లో పడుకుంది గానీ కళ్లు మూసిందో లేదో తెలియదు. తెల్లవారుజామున మొదటి బస్సుకు కర్నూలు పోయినాం. దారిలో క్రియ ఏది, కర్త ఎవరు అని నేను అడగలేదు. సెంటరు గేటు దగ్గర చెవి కమ్మలు తీసి నా చేతిలో పెట్టింది, లోపలికి పెట్టుకుని రానివ్వరు గదా. వరస గుర్తుందా అని అడగబోయి ఆగిపోయాను. లోపలికి పోయింది. మిగతా పిల్లల తల్లులు గోడ నీడన కూర్చుని టిఫిన్ డబ్బాలు విప్పుకున్నారు. నేను వాళ్లకు దూరంగా నిలబడ్డాను.

బయటికి వచ్చినాక ఎట్లా రాశావని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. కారు మాట్లాడి ఉంచాను, ఎక్కి నేరుగా ఊరికి పోయినాం. వాళ్ల ఇంటి ముందు షామియానా కింద ఆ తల్లిని పడుకోబెట్టారు. వేళ్లకు మిరపకాయల ఎరుపు ఇంకా పోలేదు. పాప ఆ చేతులు తన ముఖానికి ఆనించుకుని, అమ్మా, రాసినా అంది. ఊళ్లో ఆడవాళ్లు ఒక్కసారిగా ఏడ్చారు. నాకు ఆ ఊళ్లో ఎవరూ ఏమీ కారు. అందరికన్నా ఎక్కువ నేనే ఏడ్చానని తర్వాత వాళ్ల పెద్దమ్మ చెప్పింది.

కొన్నాళ్లకు ఫలితాలు వచ్చాయి. ఆమె నంబరు లేదు. కొద్దిలో పోయింది. అట్లా అనడం సులభం, ఆ ‘కొద్ది’తోనే ఆమెకు ఆ దారి ముగిసింది. ఇక రాయడానికి వయసు లేదు. ఆమె ఎమ్మిగనూరులోనే ఉండిపోయింది, ఒక ప్రైవేటు బడిలో చిన్న తరగతులకు చెబుతోంది. నేను ముందే అన్నది అట్లా నిజమైనందుకు నన్ను నేనే తిట్టుకున్నాను.

ఆ తర్వాత ఎవరు ఏ జవాబు గుర్తు పెట్టారో, ఏది సరైనదో చూసుకునేందుకు వెబ్‌సైటులో పెట్టారు. చూడొద్దులే, చూసి ఏం చేస్తాం అన్నాను నేను. ఆమె చూద్దాం అంది. ఒక ఆదివారం, గది ఖాళీగా ఉన్నప్పుడు, ఇద్దరం కంప్యూటరు ముందు కూర్చున్నాం. లెక్కల్లో కొన్ని పోయినాయి. జనరల్ నాలెడ్జీలో కొన్ని. ఒక్క ప్రశ్న వల్లే పోయిందని నేను ఎప్పుడూ అనను. కానీ ఇంగ్లీషు దగ్గరికి వచ్చేసరికి నా గుండె నిండిపోయింది. ఒకదాని తర్వాత ఒకటి పచ్చ గుర్తులే. మామూలుగా అందరూ పడిపోయే ‘వన్ ఆఫ్ ది’ వాక్యంలో పడలేదు. మెరుగు అడిగిన వాక్యాల్లో అర్థం మార్చే జవాబుల జోలికి పోలేదు. అమ్మ చనిపోయిన మర్నాడు ఇంత శ్రద్ధగా రాసిందా ఈ పిల్ల అని, నేను తెరను చూడటం మాని ఆమెను చూడసాగాను.

తప్పులు పట్టే ప్రశ్నల్లో ఒకే ఒక్క ఎర్ర గుర్తు ఉంది. వాక్యం చదివాను. ‘వెన్ ఐ వాజ్ ఎ చైల్డ్, మై మదర్ టెల్స్ మీ ఎ స్టోరీ ఎవ్రీ నైట్.’ నా చిన్నప్పుడు మా అమ్మ రోజూ రాత్రి నాకు కథ చెబుతుంది. మొదటి రోజు చేరిన పిల్లలు కూడా పట్టే తప్పు. చిన్నప్పుడు అన్నాక క్రియ కూడా వెనక్కి పోవాలి, ‘టెల్స్’ కాదు, ‘టోల్డ్’. క్రియ పట్టి కాలం చూస్తే చాలు, నాలుగో ప్రశ్న దాకా పోనక్కర్లేదు. ఆమె ఆఖరి గడిలో గుర్తు పెట్టింది, తప్పు లేదు అని.

పాత అలవాటు, నోరు ఊరుకోదు. ఇది ఎట్లా కనపడలేదు పాపా, కళ్లు యాడ పెట్టుకున్నావు అనేశాను. ఆమె కోపం తెచ్చుకోలేదు. తెర మీద ఆ వాక్యం వైపే చూస్తూ, నెమ్మదిగా చెప్పింది.

"కనపడింది మేడం. అన్నిటికన్నా ముందు అదే కనపడింది. అమ్మ ఇంకా సెప్తానే ఉండాది గదా అందులో. సెప్పనీలే అనుకున్యా."